హెడ్మాస్టరు గారికి ఒక ఉత్తరం, రెండు ప్రతులు

మొన్న ఒక కుర్రాడు ఇంటికి వచ్చాడు. ఫిల్మ్ కోర్సు చివరి సంవత్సరం చదువుతున్నాడు. పది నిమిషాల లఘుచిత్రం తీయాలట, అందులో ఒక సన్నివేశం బడిలో జరుగుతుందట. ఆ బడి హెడ్మాస్టరుకు రాసిన అనుమతి ఉత్తరాన్ని నా చేతిలో పెట్టి "ఒకసారి చూడండి సార్" అన్నాడు. మొదటి వాక్యం ఇలా ఉంది: "సినిమా అనేది సమాజానికి అద్దం వంటిది."

నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆ అబ్బాయి నొచ్చుకున్నాడు. నేను నవ్వింది అతడిని చూసి కాదు. ఏడేళ్ల కిందట నేను రాసిన ఉత్తరం కూడా దాదాపు ఇదే వాక్యంతో మొదలైంది. నాది ఇంకాస్త ఘనంగా ఉండేది, "శక్తిమంతమైన మాధ్యమం" అని కూడా చేర్చాను. ఆ తరువాత అసలు సంగతి మూడు వాక్యాల్లో ముగించాను: మా చిత్రంలోని ఒక చిన్న సన్నివేశాన్ని మీ పాఠశాల ప్రాంగణంలో చిత్రీకరించుకోవడానికి దయతో అనుమతి ఇవ్వగలరని ప్రార్థన. ఒక గంట సమయం చాలు. పాఠశాలకు ఎలాంటి ఇబ్బందీ కలిగించము.

అది మా పక్క మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. బుధవారం నాడు ఉత్తరం పట్టుకుని వెళ్లాను, శనివారం షూటింగు పెట్టుకుని. హెడ్మాస్టరు గారు కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు, మడిచారు, బల్ల మీది గాజు బరువు కింద పెట్టారు. "చూద్దాం బాబూ" అన్నారు. తెలుగులో "చూద్దాం" అంటే ఏమిటో తెలిసి కూడా శుక్రవారం దాకా ఎదురు చూశాను.

ఆ కోపంలో మా మేనమామ దగ్గరకు వెళ్లి గంటసేపు వాపోయాను. ఆయన ముప్పై ఏళ్ల పైచిలుకు జిల్లా పరిషత్ బడుల్లో పని చేసి, హెడ్మాస్టరుగానే రిటైరయ్యారు. కళకు విలువ లేదని, ఎన్నికలకూ పరీక్షలకూ వరదల్లో శిబిరాలకూ తెరుచుకునే బడి తలుపులు ఒక విద్యార్థికి తెరుచుకోవని నేను ఉపన్యాసం ఇస్తుంటే ఆయన వేరుశనగలు ఒలుచుకుంటూ విన్నారు. అంతా అయ్యాక, "ఉత్తరం నకలు ఉందా?" అన్నారు. ఫోనులో చూపించాను.

"ఇది ఎవరికి రాశావురా?"

"హెడ్మాస్టరు గారికి మామయ్యా. పైన రాసే ఉంది కదా."

"రాసి ఉంది కానీ ఆయనకు పనికిరాదు. రేపు ఎవరైనా వచ్చి 'బడిలో సినిమా వాళ్లను ఎందుకు రానిచ్చారు' అని అడిగితే ఆయన ఈ కాగితం తీసి చూపించగలడా? ఇందులో ఏముంది, సమాజానికి అద్దం తప్ప?"

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ మాటలోనే ఉంది. అనుమతి ఉత్తరాన్ని హెడ్మాస్టరును ఒప్పించడానికి రాస్తాం అనుకుంటాం. ఆయన చాలావరకు ఒప్పుకునే ఉంటారు, కుర్రవాళ్లు ఏదో చేసుకుంటున్నారులే అనే సానుభూతి మనం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది. ఆయనకు కావలసింది ఫైలులో పెట్టుకోవడానికి ఒక కాగితం. తల్లిదండ్రులు, మండల విద్యాశాఖాధికారి, స్థానిక విలేకరి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు, వీళ్లలో ఎవరు వచ్చి అడిగినా ఆయన తరఫున జవాబు చెప్పే కాగితం. ఆ నలుగురి ప్రశ్నలూ ముందే ఊహించి రాయాలి. కళ గురించి వాళ్లలో ఎవరూ అడగరు.

మామయ్య ముందుగా పట్టుకున్నది "షూటింగు" అనే మాటను. "ఊళ్లో షూటింగు అనే మాట చెవిన పడితే ఏమవుతుందో తెలుసా? హీరో ఎవరు, పాట ఉందా అని గోడ ఎక్కి కూర్చుంటారు. మర్నాడు జిల్లా పేజీలో 'బడిలో సినిమా షూటింగు' అని వస్తుంది. లోపల మీరు తీసింది ఒక పిల్ల గుమ్మం దగ్గర నిలబడటమే అయినా సరే." అందుకే "కోర్సులో భాగంగా తీస్తున్న లఘుచిత్రానికి చిత్రీకరణ" అని రాయమన్నారు. అది మభ్యపెట్టడం కాదు, ఉన్నమాటే. జనం ఊహించుకునేదానికీ ఉన్నదానికీ మధ్య దూరాన్ని ఆ మాట తగ్గిస్తుంది, అంతే. ఆ దూరం వల్లనే సగం అనుమతులు పోతాయి.

తరువాత, "ఒక గంట చాలు."

ఈ ఒక్క వాక్యానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. అడగడానికి మొహమాటపడి గంట అన్నాను. ఆ సన్నివేశం తెర మీద నిమిషంన్నర ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయిని టీచరు బయట నిలబెడతారు, ఆ అమ్మాయి కాసేపు నిలబడి ఏదో వింటూ వెళ్లిపోతుంది. ఏడు షాట్లు: వరండాలో పరుగు, గుమ్మం దగ్గర ఆగడం, లోపలి నుంచి కనబడే ముఖం, నేల మీద చెప్పులు, టీచరు భుజం మీదుగా ఒకటి, గంట, వెళ్లిపోవడం. కెమెరా స్థానం మార్చి, లైటు సర్ది, నాలుగైదు టేకులు తీసి, శబ్దం సరిగా వచ్చిందో లేదో విని మళ్లీ మార్చడానికి అనుభవం లేని యూనిట్‌కు ఒక్కో షాటుకు ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. ఏడు షాట్లకే నాలుగు గంటలు దాటిపోయాయి. సామాను దించి అమర్చడానికి ముప్పావు గంట, తిరిగి సర్దడానికి ఇంకో ముప్పావు గంట, మధ్యలో టిఫినుకు అరగంట. మొత్తం ఆరు గంటలు. ఈ లెక్క కాగితం మీద వేసుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టలేదు. ఉత్తరం రాసే ముందు మాత్రం వేసుకోలేదు.

"గంట అడిగి ఐదు గంటలు ఉంటే రెండో గంట నుంచి మీరు దొంగల్లా కనిపిస్తారు. ఆరు అడిగి ఐదున్నరకు వెళ్లిపొండి, మర్యాదస్తులంటారు" అన్నారు మామయ్య.

ఎన్ని గంటలో తేలాక ఏ గంటలు అనేది వెతకాలి. దానికి బడిని ఒకసారి ఖాళీగా చూసి రావాలి, మా వాళ్లు రెక్కీ అంటారు. ఆ బడి వరండా తూర్పు ముఖంగా ఉంది. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఎండ స్తంభాల మధ్య నుంచి గది గుమ్మం వరకు పడుతుంది. పది దాటితే సూర్యుడు పైకెక్కుతాడు, ఎండ చూరు అంచుకు జరిగిపోతుంది, గుమ్మం నీడలో మిగులుతుంది. అంటే అమ్మాయి ముఖం కనబడే షాట్లన్నీ పొద్దున్నే తీసేయాలి, గంటా చెప్పులూ తరువాత తీసుకోవచ్చు. "ఉదయం ఏడు నుంచి ఒంటిగంట వరకు" అని ఉత్తరంలో రాసింది ఆ ఎండను చూసి. ఎందుకంత పొద్దున్నే అని హెడ్మాస్టరు అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర కారణం ఉంది. కారణం చెప్పగలిగిన వాడిని నమ్మడం ఎవరికైనా తేలిక.

రోజు సంగతి కూడా అంతే. ఈసారి నేను మొదట ఆదివారం అనుకున్నాను. ఆదివారం బడి గ్రౌండులో క్రికెట్టు ఉంటుందని రెక్కీలో తెలిసింది. మాది అక్కడికక్కడే సంభాషణ రికార్డు చేసే పద్ధతి, సింక్ సౌండ్. అవుటైన ప్రతి బ్యాట్స్‌మన్‌కూ మా అమ్మాయి మౌనంలో ఒక కేక పడుతుంది. పైగా ఆదివారం హెడ్మాస్టరు రారు, వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు, ఏం జరిగినా నింద అతని మీదకు పోతుంది. రెండో శనివారం అయితే బడికి సెలవు, హెడ్మాస్టరు గారు ఆఫీసు పని చూసుకోవడానికి వచ్చే అలవాటు ఉంది. మార్చి నెల జోలికి మాత్రం పోవద్దన్నారు మామయ్య. మార్చిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి కదా, మధ్యాహ్నమంతా ఖాళీయే కదా అని నేను అన్నాను. పదో తరగతి పరీక్షా కేంద్రం పడిన బడిలో పొద్దున పరీక్ష, మధ్యాహ్నం తరగతులు ఉంటాయని, ఆ రోజుల్లో పరీక్షా కేంద్రంలోకి కెమెరాతో అడుగుపెడతానని అడగడమే పిచ్చి అని తిట్టారు.

ఇక పిల్లలు. హెడ్మాస్టరుకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. నేను "ఎలాంటి ఇబ్బందీ కలిగించము" అన్న ఒక్క ముక్కతో దాటేసింది కూడా దీన్నే.

బడి అనగానే మనకు గది నిండా పిల్లలు కావాలనిపిస్తుంది. ఆ పిల్లలు అక్కడే, ఉచితంగా, యూనిఫారాలతో సహా ఉంటారు. అక్కడే తప్పు చేస్తాం. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూ, దృశ్య శ్రవణ మాధ్యమాల్లో బాల నటులకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. ఆ షరతులు 2017 నాటి నియమాల్లో ఉన్నాయి: కలెక్టరు అనుమతి తీసుకోవాలి, రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, అయిదుగురు పిల్లలకు ఒకరి చొప్పున బాధ్యత వహించే మనిషి ఉండాలి. నలుగురు మిత్రులు అద్దె కెమెరాతో తీసే చిత్రం గురించి ఎవరూ ఇంత దూరం వెళ్లి అడగరని మీరు అనవచ్చు. అడగకపోవచ్చు. కానీ అడిగితే ముందు జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరు, ఆయన ఉద్యోగం మన లఘుచిత్రం కన్నా పెద్దది.

మేము ఎంచుకున్న దారి తేలికైనది. తొమ్మిదో తరగతి అమ్మాయి పాత్రకు ఇంటర్ మొదటి సంవత్సరం చదివే, సన్నగా చిన్నగా కనిపించే పదహారేళ్ల అమ్మాయిని తీసుకున్నాం. ఆమె తల్లి సంతకం పెట్టి ఇచ్చారు, రోజంతా వరండా చివర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తరగతి గదిలోకి కెమెరాను తిప్పనేలేదు. టీచరు భుజం, ముందు బెంచీలో వెనక నుంచి రెండు తలలు కనిపిస్తాయి, ఆ రెండూ మా క్లాస్‌మేట్లవే. మిగతా తరగతి అంతా శబ్దం. నిజానికి చిత్రానికి అదే మేలయింది. బయట నిలబడిన పిల్లకు లోపలి తరగతి కనబడదు కదా, వినబడుతుంది. చట్టానికి భయపడి తీసుకున్న నిర్ణయం వల్ల సన్నివేశం ఆ అమ్మాయి వైపు నుంచి నడిచింది. ఇది ముందే తోచి ఉంటే నేను గొప్ప దర్శకుణ్ని అని చెప్పుకునేవాణ్ని.

కరెంటు గురించి కూడా రాయమన్నారు మామయ్య. అప్పుడు వింతగా అనిపించింది. తరువాత తెలిసింది, మా సీనియర్లు ఒక ప్రైవేటు బడిలో రెండు వెయ్యి వాట్ల పాతకాలపు లైట్లను ఒకే ప్లగ్గుకు తగిలించారట. గోడ మీది మామూలు సాకెట్టు ఆరు ఆంపియర్లు తట్టుకుంటుంది. రెండు వేల వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు తొమ్మిది ఆంపియర్లు. ఫ్యూజు పోయింది, ప్లగ్గు నల్లబడింది, ఆ యాజమాన్యం ఆ తరువాత ఏ విద్యార్థినీ గేటు దాటనివ్వలేదు. మావి రెండు ఎల్ఈడీ లైట్లు, ఒక్కోటి నూట యాభై వాట్లు. రెండూ కలిపి ఇస్త్రీపెట్టె లాగే దానిలో మూడో వంతు కూడా కాదు. అయిదు గంటలు వెలిగినా ఒకటిన్నర యూనిట్. ఈ ఒక్క వాక్యం ఉత్తరంలో చేరగానే, ఏమీ తెలియని కుర్రవాళ్లు రాసినట్టున్న కాగితం కాస్తా పని తెలిసిన వాళ్లు రాసినట్టు మారింది.

అన్నింటికన్నా కష్టమైనది, సన్నివేశంలో ఏం జరుగుతుందో చెప్పడం. నా మొదటి ఉత్తరంలో "ఒక చిన్న సన్నివేశం" అని దాచేశాను. కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. టీచరు పిల్లను బయట నిలబెట్టే సన్నివేశాన్ని బడిలోనే తీస్తానని హెడ్మాస్టరుకు ఎలా చెప్పడం? విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మా బడిలో అలా జరుగుతుందని చూపిస్తారా అని ఆయన అడిగితే?

అడగాలి కూడా. చెప్పకుండా తీసి, రేపు ఎవరో ఆ చిత్రాన్ని ఆయన ఫోనుకు పంపితే, ఆయనను మోసం చేసినట్టే. కొందరు మిత్రులు దీనికి వేరే కథ చెప్పి అనుమతి తెచ్చుకుంటారు, స్వచ్ఛభారత్ మీద చిత్రమనో, ఉపాధ్యాయ దినోత్సవం కోసమనో. చిత్రం బాగుంటే అందరూ మరచిపోతారంటారు. మరచిపోరు. తరువాతి సంవత్సరం ఇంకో విద్యార్థి వెళ్లినప్పుడు గుర్తుకు తెచ్చుకుంటారు.

అలాగని స్క్రిప్టు మొత్తం తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టమని కూడా నేను అనను. ఇక్కడ నాకూ మామయ్యకూ తేడా వచ్చింది. ఆయన మొత్తం ఇవ్వమన్నారు. మొత్తం ఇస్తే అందరికీ దర్శకుడు కావాలనిపిస్తుంది, అది నా అనుభవం. కథను రెండు వాక్యాల్లో, ఆ బడిలో తీసే సన్నివేశాన్ని మాత్రం పూర్తిగా, ఒక పేజీలో జత చేశాను. బడిని గుర్తు పట్టే వీలు లేకుండా చేయడం మా బాధ్యత, కథలో ఏం జరగాలనేది మా ఇష్టం. ఈ గీతను ఉత్తరంలోనే మర్యాదగా గీయవచ్చు.

చివరకు మూడు వారాల ముందుగా తీసుకెళ్లిన రెండో ఉత్తరం ఇది. పేర్లు తీసేసి ఇస్తున్నాను.

*గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,*

*విషయం: కోర్సులో భాగమైన లఘుచిత్రంలోని ఒక సన్నివేశాన్ని పాఠశాల వరండాలో చిత్రీకరించుకోవడానికి అనుమతి కోరడం గురించి.*

*ఆర్యా,*

*నేను ఫిల్మ్ కోర్సు చివరి సంవత్సరం విద్యార్థిని. మా విభాగాధిపతి సంతకం, ముద్రతో కూడిన ధ్రువపత్రం జత చేశాను. మా చిత్రం నిడివి పన్నెండు నిమిషాలు. చదువుకూ ఇంటి పనికీ మధ్య నలిగే ఒక అమ్మాయి కథ. మీ పాఠశాలలో తీయదలచిన సన్నివేశంలో, ఆలస్యంగా వచ్చిన ఆ అమ్మాయిని ఉపాధ్యాయురాలు తరగతి బయట నిలబెడతారు. సన్నివేశం పూర్తి పాఠం జత చేశాను. పాఠశాల పేరు, బోర్డు, గోడల మీది రాతలు చిత్రంలో కనిపించవు. పాత్ర ధరించే యూనిఫారం మీ పాఠశాల యూనిఫారం రంగులో ఉండదు.*

*కోరుతున్న రోజు: వచ్చే నెల రెండో శనివారం, ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకు. వర్షం వస్తే ఆ పై నెల రెండో శనివారం. కోరుతున్న స్థలం: తూర్పు వరండా, దానికి ఆనుకున్న ఒక గది. మిగతా గదులను వాడము.*

*మేము మొత్తం తొమ్మిది మందిమి. పేర్లు, ఫోను నంబర్లు జత చేశాను. నటించే అమ్మాయి వయసు 16 ఏళ్లు, ఆమె తల్లి వెంట ఉంటారు. మీ విద్యార్థులు ఎవరినీ చిత్రీకరించము. రెండు ఎల్ఈడీ లైట్లు వాడతాము, మొత్తం 300 వాట్లు. జనరేటరు, డ్రోను, వాహనాలు లోపలికి తీసుకురాము. శబ్దం రికార్డు చేసేటప్పుడు ఆ గదిలో ఫ్యాన్లు ఆపుకుంటాము. ఏదైనా వస్తువు పాడైతే ఖర్చు నాది.*

*ఈ చిత్రాన్ని మొదట మా కోర్సు మూల్యాంకనానికి, తరువాత లఘుచిత్రోత్సవాలకు పంపుతాము. ఆ పైన ఇంటర్నెట్టులో అందరూ చూసేలా పెడతాము. పై అధికారుల అనుమతి అవసరమని తమరు భావిస్తే, తమరు సూచించిన విధంగా వారికి కూడా దరఖాస్తు ఇస్తాను.*

*ఈ ఉత్తరం రెండు ప్రతులు ఇస్తున్నాను. అనుమతించినట్లయితే ఒక ప్రతి మీద సంతకం చేసి ఇవ్వవలసిందిగా మనవి.*

*ఇట్లు, తమ విధేయుడు*

రెండు మూడు చోట్ల ఆగుతాను. ఇంటర్నెట్టు వాక్యాన్ని అందరూ వదిలేస్తారు. "కేవలం విద్యా ప్రయోజనాల కోసం" అని రాసి, ఆరు నెలలకు యూట్యూబులో పెడతారు. ఆ వాక్యం రాయడానికి నాకూ చేయి రాలేదు, అది చూసే కాదంటారేమోనని. ఆయన దాని దగ్గర ఆగను కూడా ఆగలేదు.

పై అధికారుల మాట వేరే కథ. ఉత్తరం అడుగున "ప్రతి: మండల విద్యాశాఖాధికారి గారికి" అని రాసి పంపితే పని త్వరగా అవుతుందనుకున్నాను. మామయ్య చేయి పట్టుకుని ఆపారు. హెడ్మాస్టరును అడగకుండా పైకి నకలు పంపడం ఫిర్యాదు చేసినట్టు ఉంటుందట. ఎవరి దాకా వెళ్లాలో ఆయననే తేల్చనివ్వాలి. ప్రైవేటు బడి అయితే ఇది తలకిందులవుతుంది. అక్కడ ప్రిన్సిపాల్ చేతిలో ఏమీ ఉండదు, కరస్పాండెంటు ఊ అనాలి. ఉత్తరం ప్రిన్సిపాల్ పేరున రాసినా, చదివేది కరస్పాండెంటు అనుకునే రాయాలి. ఆయన అడిగే మొదటి ప్రశ్న మా బడి పేరు కనిపిస్తుందా అని. ప్రభుత్వ బడిలో కనబడకూడదంటారు, అక్కడ కొన్నిసార్లు కనబడాలంటారు!

రెండు ప్రతుల సంగతి నేర్పింది నా మిత్రుడి కష్టం. వాడికి వేసవి సెలవుల్లో ఒక హెడ్మాస్టరు నోటి మాటగా సరే అన్నారు, జూన్‌లో తీసుకోమన్నారు. జూన్‌లో వెళితే ఆయన కుర్చీలో వేరే ఆయన ఉన్నారు. బదిలీలు వేసవిలోనే జరుగుతాయని వాడికి తట్టలేదు. కొత్త ఆయన వాడు చెప్పింది నమ్మలేదు, నమ్మాల్సిన అవసరమూ లేదు. సంతకం, తేదీ, ముద్ర పడిన కాగితం చేతిలో ఉంటే కనీసం మాట మొదలుపెట్టవచ్చు.

ఇంత తంటా ఎందుకు, ఆదివారం వాచ్‌మన్‌కు రెండు వందలిచ్చి తీసేసుకుంటే పోదా అనేవాళ్లు నా బ్యాచ్‌లోనే ఆరుగురు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు తీశారు కూడా, చిత్రాలు బాగానే వచ్చాయి. నాకు అభ్యంతరం ఒక్కటే. దొరికితే మనం ఇంటికి వెళ్లిపోతాం, ఆ వాచ్‌మన్ మాత్రం తీసుకున్న రెండు వందలకు సోమవారం సంజాయిషీ చెప్పుకుంటాడు. పేదవాళ్ల మీద చిత్రాలు తీస్తూ ఒక పేదవాడి ఉద్యోగాన్ని పణంగా పెట్టడం నాకు మింగుడు పడలేదు.

హెడ్మాస్టరు గారు రెండో ఉత్తరాన్ని ఎర్ర కలంతో చదివారు. రెండే ప్రశ్నలు అడిగారు. మొదటిది నేను భయపడినదే.

"టీచరమ్మ ఆ అమ్మాయిని బయట ఎందుకు నిలబెట్టాలి? పిలిచి ఎందుకు ఆలస్యమైందని అడగవచ్చు కదా?"

"అడిగితే అక్కడికి కథ అయిపోతుంది సార్."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. "మేమూ అడగం ఒక్కోసారి" అని సంతకం పెట్టారు. రెండో ప్రశ్న, లోపల తరగతి శబ్దం ఎక్కడి నుంచి తెస్తారని. చిత్రీకరణ తరువాత ఎక్కడో రికార్డు చేసుకుంటామన్నాను. "ఎక్కడో ఎందుకు, మా ఆరో తరగతి వాళ్లు ఎక్కాలు చెబుతారు, సోమవారం ప్రార్థన అయ్యాక రండి. కెమెరా లేకుండా, ఆ మైకు ఒక్కటే తెచ్చుకోండి" అన్నారు. ఉత్తరంలో నేను అడగనిది ఆయనే ఇచ్చారు. మొదటిసారి గాజు బరువు కింద పెట్టిన ఆయనే ఈయన.

ఆ శనివారం ఏడింటికి మొదలుపెట్టి పన్నెండున్నరకు సర్దేశాం. ఫ్యాన్లు ఆపాం, గది ఊడ్చాం, బెంచీలు మునుపటి వరసలో పెట్టాం, బోర్డు తుడవకుండా ఉంచాం. అంతా చూసుకున్నాననుకున్నాను. సోమవారం మైకుతో వెళ్లేసరికి అటెండరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, ముఖం గంటు పెట్టుకుని.

ఆ బడి గంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. పక్కన స్తంభానికి మేకు, మేకుకు ఇనుప కడ్డీ. శనివారం మా సౌండ్ అబ్బాయి గంట శబ్దం రికార్డు చేసుకుని, ఆ కడ్డీని గదిలో కిటికీ పైన పెట్టి మరచిపోయాడు. ఆ సోమవారం ప్రార్థన గంట రాయితో కొట్టారు. పిల్లలకు ఆ కొత్త చప్పుడు నచ్చి, ఇక రోజూ రాయితోనే కొట్టమని అటెండరు వెంట పడుతున్నారట.

మొన్న వచ్చిన కుర్రాడికి ఉత్తరం మొత్తం తిరిగి రాయించాను. సమాజానికి అద్దం పోయింది, వాట్లు వచ్చాయి, ఎండ వేళలు వచ్చాయి. చివర నేను చేర్పించిన ఒక వాక్యం చూసి, ఇది కూడా రాయాలా సార్ అని నవ్వాడు. రాయాల్సిందే అన్నాను. "గంట కొట్టే కడ్డీని వాడుకుంటే, తిరిగి దాని మేకుకే తగిలించి వెళతాము."